ఏడో తరగతి, భోజనం తర్వాత పీరియడ్: గోలతో నా మొదటి వారం

లెక్కల_ఛాత్రోపాధ్యాయిని (పల్నాడు జిల్లా) · ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. బి.ఎడ్. రెండో ఏడాది చదువుతున్నాను, లెక్కల మెథడ్. 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం నిన్నటితో పూర్తయింది. మమ్మల్ని వేసింది ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. నాకు ఇచ్చింది ఏడో తరగతి బి సెక్షన్, అయిదో పీరియడ్, అంటే మధ్యాహ్న భోజనం అవగానే. 48 మంది పిల్లలు. వారమంతా మనసులో తిరుగుతున్నది ఇక్కడ రాసి, చివర్లో ఒక ప్రశ్న అడుగుతాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కాలేజీలో సూక్ష్మ బోధన చేసినప్పుడు నా ముందున్నది పది మంది క్లాస్‌మేట్లు, చెప్పింది ఆరు నిమిషాల పాఠం. ప్రశ్న అడిగితే మర్యాదగా చెయ్యెత్తేవాళ్లు. సోమవారం నేను తలుపు దగ్గర నిలబడేసరికి క్లాసులో సగం మందే ఉన్నారు. మిగతావాళ్లు కుళాయి దగ్గర కంచాలు కడుక్కుని ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా వస్తున్నారు. వచ్చినవాడల్లా తన బెంచీలో ముందే కూర్చున్నవాణ్ణి లేపి లోపలికి వెళ్లాలి. ఈలోగా నేను దిద్దిన నోటుపుస్తకాలు పేర్లు పిలిచి ఇవ్వడం మొదలుపెట్టాను. గోల పెరిగింది. గొంతు పెంచాను. వాళ్లూ పెంచారు. "సైలెన్స్!" అన్నప్పుడల్లా అయిదారు సెకన్లు ఆగేది, మళ్లీ మామూలే. గంట కొట్టేసరికి భిన్నాల గుణకారంలో ఒక్క లెక్క అయింది. గొంతు బొంగురుపోయింది.

చివరి బెంచీలో ఒక అబ్బాయి ఉన్నాడు. రెండు పెన్సిళ్లతో బెంచీ మీద దరువు వేస్తుంటాడు. చాలా చక్కటి లయ, అది ఒప్పుకోవాలి. సోమవారం రెండుసార్లు చెప్పి, మూడోసారి బయట నిలబెట్టాను. వాడు వరండాలో నిలబడి కిటికీలోంచి చూస్తుంటే మిగతా 47 మందీ నన్ను వదిలేసి వాణ్ణి చూశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాణ్ణి బయటికి పంపింది పాఠం కోసమా, నా టెన్షన్ కోసమా అని ఆలోచిస్తే, టెన్షన్ కోసమే అనిపించింది.

బుధవారం నా తోటి ఛాత్రోపాధ్యాయిని పరిశీలన కోసం వెనక కూర్చుంది. తనను ఒక పని చేసిపెట్టమని అడిగాను. పీరియడ్ 40 నిమిషాలు. ప్రతి నిమిషానికి కాగితం మీద ఒక అంకె వెయ్యాలి: నిశ్శబ్దంగా ఉంటే 1, గుసగుసలైతే 2, నా మాట వెనక్కి వినపడనంత గోలైతే 3. సాయంత్రం ఆ కాగితం చూసుకున్నాను. మూడో అంకె పడింది 15 నిమిషాలకు. ఆ 15 నిమిషాలూ పీరియడ్ అంతటా చెల్లాచెదురుగా లేవు, మూడు చోట్ల ముద్దలుగా ఉన్నాయి.

మొదటి ముద్ద నోటుపుస్తకాలు పంచడం, 8 నిమిషాలు. 48 పేర్లు, ఒక్కొక్కరు లేచి వచ్చి తీసుకెళ్లడానికి పది సెకన్లు, లెక్క వేస్తే సరిగ్గా అంతే. ఆ ఎనిమిది నిమిషాలూ ఒక్కరికి పని ఉంటే 47 మందికి లేదు. రెండోది నేను వీపు తిప్పి బోర్డు మీద లెక్కంతా రాస్తున్నప్పుడు, 3 నిమిషాలు. మూడోది లెక్క తొందరగా చేసేసినవాళ్లు ఖాళీగా కూర్చున్నప్పుడు, 4 నిమిషాలు. మూడుచోట్లా పిల్లలకు నేను పనివ్వలేదు. వాళ్లు ఎదురుతిరిగిందేమీ లేదు.

ఇంకో సంగతి నేను అనుకోనిది. రెండో అంకె చాలాచోట్ల పడింది. మూడో బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు గుసగుసలాడుతూనే ఉంటారు, నేను వాళ్లను సోమవారం, మంగళవారం కూడా కోప్పడ్డాను. వాళ్ల వెనకే కూర్చున్న నా స్నేహితురాలు వాళ్ల మాటలు రాసుకుంది. "ఏమడిగింది టీచరు?" "పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో గుణించమంది." నేను ఇంగ్లిష్‌లో న్యూమరేటర్, డినామినేటర్ అని చెబుతుంటే ఒక పిల్ల రెండో పిల్లకు తెలుగులో చెప్పిపెడుతోంది. పుస్తకంలో ఇంగ్లిష్ పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉంటుంది కదా, ఆ పిల్ల వేలు తెలుగు పేజీ మీదే ఉందట. రెండు రోజులు నేను ఆపాలని చూసింది నా పాఠాన్నే.

గురువారం పద్ధతి మార్చాను. నోటుపుస్తకాలు వరసల వారీగా సర్ది, భోజనం గంటలోనే ప్రతి వరస మొదటి బెంచీ మీద పెట్టాను. అక్కణ్ణుంచి వెనక్కి అందించుకున్నారు, నిమిషంన్నర పట్టింది. రెండు లెక్కలు ముందే బోర్డు మీద రాసి ఉంచాను, వచ్చినవాళ్లు వచ్చినట్టు మొదలుపెట్టారు. లవం, హారం అని తెలుగు మాట కూడా పక్కనే రాశాను. గోల తగ్గింది. పోలేదు, తగ్గింది.

ఇప్పుడు నా ప్రశ్న. శుక్రవారం కాగితం మడిచే పని పెట్టాను. 2/3 లో సగం ఎంత? కాగితాన్ని నిలువుగా మూడు మడతలు వేసి రెండు భాగాలకు గీతలు కొట్టాలి. తర్వాత అడ్డంగా సగానికి మడిచి, ఒక సగానికి వేరే రంగు గీతలు కొట్టాలి. విప్పితే ఆరు గళ్లు, రెండు రంగులూ పడ్డ గళ్లు రెండు. 2/6, అంటే 1/3. ఒక పిల్ల "టీచర్, గుణిస్తే తగ్గిందేంటి!" అని అరిచింది. క్లాసంతా అరుపులే. అందరికీ వచ్చింది, చూసి చెబుతున్నాను. కానీ పక్కగది ఎనిమిదో తరగతి మేడం తలుపు దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా ఇది, అక్కడ నా మాట నాకే వినపడటం లేదు" అన్నారు. పిల్లల ముందే. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మంగళవారం మా సూపర్‌వైజర్ వస్తున్నారు. ఆ శుక్రవారం గోల తప్పేనా? పనికొచ్చే గోలకూ పనికిరాని గోలకూ తేడా ఎలా పట్టుకోవాలి?

డీఎస్సీ98 · ఆదివారం రాత్రి 9:25

చెల్లెమ్మా, బాగా రాశావు. కానీ ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకు. మొదటి వారం అంత మెత్తగా ఉంటే పదహారు వారాలూ నెత్తికెక్కుతారు. మా సీనియర్ హెచ్.ఎం. గారు చెప్పేవారు, దసరా సెలవుల దాకా నవ్వొద్దని. నేను అదే పాటించాను, ఇన్నేళ్లలో నా క్లాసు ఎప్పుడూ అదుపు తప్పలేదు. కర్ర టేబుల్ మీద ఉంటే చాలు, వాడక్కర్లేదు. ముందు నిశ్శబ్దం, తర్వాత పాఠం.

పక్క క్లాసు మేడం బాధ కూడా అర్థం చేసుకో. నేను పదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టినప్పుడు పక్కన ఇలాగే గోల చేస్తే మా పిల్లలు ప్రశ్న రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. నీ పిల్లలకు వచ్చిన భిన్నాలు ఆమె పిల్లలకు పోయిన పీరియడ్ కావచ్చు.

గొంతుపోయిన_సైన్స్‌టీచర్ (కోనసీమ) · ఆదివారం రాత్రి 9:52

మీ పోస్టులో గొంతు బొంగురుపోయిందన్న చోట ఆగిపోయాను. దయచేసి దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నేను ప్రైవేటు స్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లు చెప్పేదాన్ని. రెండో సంవత్సరం గొంతు బొంగురు వారాల తరబడి తగ్గలేదు. వేన్నీళ్లు, మిరియాల పాలు అంటూ నెల గడిపాను. చివరికి ఈఎన్‌టీ డాక్టరు గొట్టం వేసి చూసి స్వరతంత్రుల మీద చిన్న గడ్డలు లేచాయన్నారు. ఆపరేషన్ అక్కర్లేకుండానే తగ్గింది గానీ, గొంతుకు విశ్రాంతి, మాట్లాడే పద్ధతి మార్చుకునే శిక్షణ, అంతా కలిపి చాలా నెలలు పట్టింది. గుసగుసగా మాట్లాడితే గొంతుకు మంచిదనుకున్నాను, అది కూడా శ్రమేనట.

చుట్టూ చప్పుడు ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. పిల్లలకూ అంతే. కాబట్టి 48 మందితో గొంతు పోటీలో మీరు గెలవలేరు. రెండు మూడు వారాలైనా బొంగురు పోకపోతే డాక్టరుకు చూపించండి.

నల్లబల్ల (కరీంనగర్, రిటైర్డ్ లెక్కల ఉపాధ్యాయుడు) · ఆదివారం రాత్రి 10:40

అమ్మా, ఆ నిమిషాల కాగితం దాచిపెట్టుకో. 34 ఏళ్లు బడిలో ఉన్న, చివరి ఆరేళ్లు నీలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చిన. మొదటి వారంలో పిల్లల మీద కంప్లైంటు తెచ్చేవాళ్లను చాలామందిని చూసిన గానీ, కాగితం తెచ్చినవాళ్లు తక్కువ.

నువ్వు కనుక్కున్నది అమెరికాలో జేకబ్ కూనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా కనుక్కున్నడు. ఆయన తరగతులను వీడియో తీయించి చూసిండు, 1970లో ఫలితాలు బయటపెట్టిండు. అల్లరి జరిగినంక టీచర్ ఏం చేసిండు, తిట్టిండా, బెదిరించిండా, బుజ్జగించిండా అన్నదాంట్లో మంచి క్లాసుకూ గోల క్లాసుకూ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. తేడా అంతా అల్లరికి ముందు ఉన్నది. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి క్లాసును ఎంత సాఫీగా దాటించిండు, గది మొత్తం మీద కన్ను ఉన్నదని పిల్లలకు తెలిసేటట్టు చేసిండా, అదీ. నీ మూడు ముద్దల్లో మొదటిదీ మూడోదీ పని మారేచోటనే ఉన్నయి చూడు.

రెండోది, బోర్డు. లెక్కంతా ఒక్కసారి రాయకు. భుజం బోర్డు వైపు, ముఖం పిల్లల వైపు పెట్టి ఒక అడుగు రాయి, తిరుగు, "తర్వాత ఏం చేద్దాం?" అని అడుగు. అడిగి ఆగు. మనం ఒక్క సెకను కూడా ఆగకుండా జవాబు మనమే చెప్పేస్తం. మూడు సెకన్లు ఆగి, ఆ తర్వాత పేరు పిలువు. ముందే పేరు పిలిస్తే మిగతా 47 మంది ఆలోచన ఆపేస్తరు.

డీఎస్సీ98 గారూ, మొదటి వారంలో పద్ధతులు కుదరాలన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మీ క్లాసు నిలబడింది మీరు పెట్టుకున్న పద్ధతుల వల్లనే అని నా నమ్మకం, నవ్వకపోవడం వల్ల కాదు. కర్ర మాత్రం వద్దు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. టేబుల్ మీద కర్ర చూసుకుంట భిన్నాలు నేర్చుకునే పిల్లకు అది వేధింపే.

ఇక నీ ప్రశ్న. గోల ఎంత పెద్దగున్నది అన్నది కొలత కాదు. నేను రెండు చూసేవాణ్ణి. ఒకటి, మూడు బెంచీల దగ్గర పది సెకన్ల చొప్పున నిలబడి మాట విను. మాట కాగితం మీద ఉన్నదా, సినిమా మీద ఉన్నదా తెలిసిపోతది. రెండోది, నువ్వు చెయ్యెత్తితే ఎంతసేపట్లో అందరూ ఆగుతరు? పది సెకన్లలో ఆగితే ఆ గోల నీ చేతుల్ల ఉన్నట్టు. ఆగకపోతే, పని ఎంత మంచిదైనా గోల నీ చెయ్యి దాటినట్టు. శుక్రవారం రెండో పరీక్ష చేసినవా?

ఇంకొకటి. ఆ దరువు పిలగాడు ఏ నిమిషంల మొదలుపెడుతున్నడో కాగితంల చూడు.

చిన్నోడి_నాన్న · సోమవారం ఉదయం 7:15

నమస్తే అండి. మావాడు కూడా ఏడో తరగతే, గవర్నమెంటు బడే. టీచర్ ఇంగ్లిష్‌లో చెప్తే పిల్లలకు అర్థం కావడం లేదని మీరే అంటున్నారు. మరి మావాణ్ణి ప్రైవేటుకు మార్చమంటారా? మా ఆవిడ అదే అంటోంది. నెలకు ఫీజు ఎంతవుతుందో ఎవరైనా చెప్తారా?

లెక్కల_ఛాత్రోపాధ్యాయిని · సోమవారం రాత్రి 8:05

చిన్నోడి నాన్నగారూ, నేను చెప్పింది బడి గురించి కాదండి, నేను చెప్పిన తీరు గురించి. ఆ పిల్లకు అర్థమైంది కాబట్టే పక్కపిల్లకు చెప్పగలిగింది. బడి మార్చాలా వద్దా అన్నది నేను చెప్పగలిగేది కాదు గానీ, ఒక పని చేయండి. మీవాణ్ణి ఇవాళ చేసిన లెక్క ఒకటి తెలుగులో మీకు చెప్పమనండి. చెప్పగలిగితే లెక్క వచ్చినట్టే, ఇంగ్లిష్ మాటలు మెల్లగా పట్టుకుంటాడు.

నల్లబల్ల మాస్టారూ, శుక్రవారం నేను చెయ్యెత్తలేదు. "ఆగండి, ఆగండి" అని అరిచాను. ఆగడానికి రెండు నిమిషాలు పైనే పట్టింది. కాబట్టి మీ రెండో పరీక్షలో తప్పాను. ఎనిమిదో తరగతి మేడం కోపం న్యాయమే.

మీరడిగినట్టు కాగితం తీసి చూశాను. నా స్నేహితురాలు దరువు మొదలైన చోటల్లా చిన్న చుక్క పెట్టింది. బుధవారం నాలుగు చుక్కలు. నాలుగూ నేను "ఇప్పుడు మీరే చేయండి" అన్న తర్వాతి నిమిషంలోనే ఉన్నాయి. నేను చెబుతున్నప్పుడు ఒక్క చుక్క లేదు. ఇది రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. శుక్రవారం అంత గోలలో వాడు దరువు వేయలేదు. కాగితం మడిచాడు, గీతలు కొట్టాడు, గళ్లు లెక్కపెట్టాడు. అందులో ఎక్కాలు అక్కర్లేదు కదా. ఇవాళ మధ్యాహ్నం వాడి పక్కన కూర్చుని 6×7 ఎంతరా అని మెల్లగా అడిగాను. బెంచీ కింద వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. పదమూడేళ్లవాడు, ఎవరూ చూడకుండా వేళ్లు బెంచీ కింద పెట్టుకున్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. వాణ్ణి బయట నిలబెట్టిన రోజే గుర్తొస్తోంది.

నల్లబల్ల · సోమవారం రాత్రి 8:50

దరువు వేస్తే "అల్లరివాడు" అంటరు. వేయకుండ ఖాళీగ కూర్చుంటే "రానివాడు" అంటరు. ఆ వయసుల పిల్లలు మొదటి పేరే కోరుకుంటరు. వానికి లెక్క సగం చేసి ఇయ్యి. గుణకారం నువ్వు చేసిపెట్టు, సూక్ష్మరూపం వాణ్ణి చెయ్యమను. ఒక మూల ఎక్కాల పట్టిక అందరికీ కనిపించేటట్టు అంటించు, వానికొక్కనికే ఇయ్యకు. భిన్నాల పాఠంల పరీక్ష భిన్నాలకు, ఎక్కాలకు కాదు.

డీఎస్సీ98 · సోమవారం రాత్రి 9:10

మాస్టారూ, పట్టిక గోడకు అంటిస్తే ఇంకెవడు ఎక్కాలు నేర్చుకుంటాడు? దీంతో నేను ఏకీభవించను. ఏడో తరగతిలో ఎక్కాలు రాకపోతే ఎనిమిదిలో కారణాంకాల దగ్గర కూలబడతాడు. రోజూ క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు అందరిచేతా ఎక్కాలు కోరస్‌గా చెప్పించండి. నోరూ తిరుగుతుంది, క్లాసూ దారికొస్తుంది.

కర్ర సంగతి ఒప్పుకుంటాను. మా బడిలో కూడా ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు. అలవాటుగా వచ్చిన మాట అది.

గొంతుపోయిన_సైన్స్‌టీచర్ · సోమవారం రాత్రి 9:30

కోరస్‌లో నోరు కదిపే పిల్లల్ని నేను చూశాను సార్. శబ్దం వస్తుంది, ఎక్కం రాదు. దరువు అబ్బాయి కోరస్‌లో అందరికంటే గట్టిగా అరుస్తాడు, 6×7 దగ్గర మాత్రం పెదవులే కదులుతాయి. అది ఎవరికీ తెలియదు.

పక్క క్లాసు సమస్యకు నేను పిల్లల్ని చెట్టు కిందికి తీసుకెళ్లేదాన్ని. వెళ్లడానికీ రావడానికీ, చెప్పులు వెతుక్కోవడానికీ పావుగంట పోయేది. రోజూ కుదరదు, పదిహేను రోజులకొకసారి అయితే సరే.

నల్లగొండ_బీఎడ్ · సోమవారం రాత్రి 10:15

అక్కా, నేను కూడా ఇంటర్న్‌షిప్‌లోనే ఉన్నా, సోషల్ మెథడ్. ఈ నిమిషాల కాగితం అబ్జర్వేషన్ రికార్డులో పెట్టొచ్చా? మా దగ్గర రికార్డుకు ఒకటే ఫార్మాట్ ఇచ్చిండ్రు, అందులో "తరగతి నియంత్రణ: బాగుంది / మధ్యస్థం / బాగులేదు" అని మూడు గడులే ఉన్నయి.

లెక్కల_ఛాత్రోపాధ్యాయిని · బుధవారం రాత్రి 9:20

తమ్ముడూ, మా రికార్డులోనూ అంతే. నేను విడిగా కాగితం అంటించాను. వద్దంటే తీసేస్తాను.

నిన్న సూపర్‌వైజర్ గారు వచ్చారు. చెయ్యెత్తడం పిల్లలకు సోమవారమే నేర్పాను. నేను చెయ్యెత్తగానే చూసినవాళ్లు తమ చెయ్యి ఎత్తి మాట ఆపాలి, అంతే. సోమవారం మొదటిసారి అందరూ ఆగడానికి 40 సెకన్లు. నిన్న మడతల పని మధ్యలో ఎత్తితే 15 సెకన్లు. మాస్టారు చెప్పిన పదికి ఇంకా రాలేదు. కుళాయి దగ్గర్నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల గొడవ మాత్రం అలాగే ఉంది. కుళాయిలు రెండే, దానికి నా దగ్గర మందు లేదు.

మూడో బెంచీ పిల్లను "నేను ఇంగ్లిష్‌లో చెప్పింది నువ్వు తెలుగులో అందరికీ చెప్పు" అని లేపాను. మొదట సిగ్గుపడింది, తర్వాత నాకంటే బాగా చెప్పింది. సూపర్‌వైజర్ గారు ఆ పిల్లను మెచ్చుకున్నారు. కానీ నా రికార్డులో "మధ్యస్థం" గడిలో టిక్కు పెట్టి, "పిల్లలు అనుమతి లేకుండా మాట్లాడుతున్నారు" అని రాశారు. నిమిషాల కాగితం చూపించాను. చూశారు, ఏమీ అనలేదు. నాకు బాధగానే ఉంది.

ఎక్కాల పట్టిక విషయంలో ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తోంది. పట్టిక అంటించాను. ఎక్కాల కోసం వాడితో పాటు ఇంకో నలుగురిని ఉదయం ప్రార్థనకు ముందు పావుగంట రమ్మన్నాను, ఇవాళ ముగ్గురు వచ్చారు. వాడు రాలేదు. క్లాసులో సగం చేసిన లెక్క ఇస్తే మొదటిది పూర్తి చేశాడు, రెండోదానికి మళ్లీ పెన్సిళ్లు తీశాడు.

డీఎస్సీ98 · బుధవారం రాత్రి 9:45

టిక్కుకు బాధపడకు. ఆ ఎనిమిదో తరగతి మేడంతో మాట్లాడావా?

లెక్కల_ఛాత్రోపాధ్యాయిని · బుధవారం రాత్రి 9:58

ఇవాళ స్టాఫ్ రూమ్‌లో మాట్లాడానన్నయ్యా. సారీ చెప్పి, మడతల పని ఏ రోజు పెట్టుకోవచ్చో అడిగాను. ఆమెకు గురువారాలు అయిదో పీరియడ్ రాత పని ఉంటుందట, ఆరోజు వద్దన్నారు. శుక్రవారం అయితే తన పిల్లలకు పటాలు గీయించే పని పెట్టుకుంటానన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఆ గుణిస్తే తగ్గిందన్న పిల్ల ఎవరు? మా గదిలోకి స్పష్టంగా వినపడింది" అని అడిగారు.

నల్లబల్ల · గురువారం ఉదయం 6:30

ఆ పిలగాడు పొద్దున ఎందుకు రాలేదో తెలుసుకో. బస్సుకు వస్తడా, నడిచి వస్తడా, ఇంట్ల పొద్దున ఏం పని ఉంటది. పిలిచే ముందు అది అడగాల్సింది, నేనూ చెప్పడం మరిచిన.